ఇందిరమ్మ ఇళ్ల జాబితాలోంచి పేరు ఎందుకు తీశారో రాసివ్వమని ఎంపీడీఓకు ఉత్తరం: ముసాయిదా చూసి చెప్పండి

ఆరో వార్డు – జనవరి 18, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. డిసెంబరు పంచాయతీ ఎన్నికల్లో వార్డు మెంబరుగా గెలిచాను. మొదటిసారి. గెలిచిన మర్నాటి నుంచి ఇంటికొచ్చే వాళ్లలో సగం మంది అడిగేది ఒక్కటే. "ఇందిరమ్మ ఇల్లు ఎందుకు రాలేదు?"

నా వార్డులో ఇలాంటివి 11 కుటుంబాలున్నాయి. ప్రజాపాలనలో దరఖాస్తు పెట్టారు, సర్వేకి వచ్చి ఫోటో తీసుకున్నారు, 2025 జనవరి గ్రామసభలో పేర్లు ఎల్-1లో చదివారు. అంటే జాగా ఉంది, ఇల్లు లేదు అని. ఆ తర్వాత ఆన్‌లైన్‌లో చూస్తే ఎల్-3 అని వస్తోంది, అంటే అర్హత లేనివాళ్ల జాబితా. కార్యదర్శిని అడిగితే "పైనుంచి మారింది" అంటాడు. మండలాఫీసుకు పోతే "యాప్‌లో అట్లా వచ్చింది, మా చేతిలో ఏం లేదు" అంటారు. ఎవరూ కాగితం మీద ఏమీ ఇవ్వరు.

అందుకే రాతపూర్వకంగా కారణం అడుగుదామని ఒక ఉత్తరం రాశాను:

> మండల పరిషత్ అభివృద్ధి అధికారి గారికి,
> నేను గ్రామ పంచాయతీ 6వ వార్డు సభ్యుడను. నా వార్డులో అర్హులైన 11 మంది నిరుపేదల పేర్లు అన్యాయంగా తొలగించబడినవి. పక్కా ఇళ్లున్న వారికి, ఇందిరమ్మ కమిటీ సభ్యుల బంధువులకు ఇళ్లు మంజూరు చేయబడినవి. నిజమైన పేదలకు ఎందుకు ఇవ్వలేదో, ఎవరి ఒత్తిడితో తొలగించారో వెంటనే లిఖితపూర్వకంగా తెలుపగలరు. లేనిచో ఆందోళన చేపట్టబడును.

ఎలా ఉంది? ఇంకా గట్టిగా రాయాలా?

గోదారి గట్టు – జనవరి 18, రాత్రి 10:05

గట్టిగా రాయడం కాదు బ్రదర్, సమాచార హక్కు కింద వేసెయ్. "ఎందుకు తొలగించారో తెలపండి" అని ఒక్క ముక్క రాస్తే చాలు, 30 రోజుల్లో చచ్చినట్టు జవాబివ్వాలి. పైగా నువ్వు ఎన్నికైన సభ్యుడివి. పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఎంపీడీఓ నీకు సమాధానం చెప్పి తీరాలి.

పాత టపా – జనవరి 19, ఉదయం 6:50

మండల పరిషత్తు ఆఫీసులో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. టపా సెక్షన్లో మొదలుపెట్టి సూపరింటెండెంటుగా దిగాను కాబట్టి ఇలాంటి ఉత్తరాలు అటువైపు కూర్చుని వందలు చూశాను. ఆరో వార్డు తమ్ముడూ, కోపం అర్థమైంది కానీ ఈ ఉత్తరానికి వచ్చే జవాబు నేనిప్పుడే చెప్పగలను: "ప్రభుత్వ నిబంధనల మేరకు అర్హుల ఎంపిక జరిగినది. ఫిర్యాదు నిరాధారము." అయిపోయింది, ఫైలు మూసేస్తారు.

ఎందుకంటే నువ్వు అడిగింది ఒకటి కాదు. 11 మంది కారణాలు అడిగావు, వేరేవాళ్లకు వచ్చిన ఇళ్ల మీద ఫిర్యాదు చేశావు, ఒత్తిడి ఎవరిదని ఆరోపించావు, చివర్లో బెదిరించావు. గుమస్తా దీనికి నోట్ రాసేటప్పుడు ఈ నాలుగింట్లో తేలికైనది పట్టుకుంటాడు. అది ఆరోపణ. దాన్ని ఖండిస్తూ రెండు లైన్లు రాస్తే ఉత్తరానికి జవాబు ఇచ్చినట్టే. కారణాల మాట ఎక్కడా రాయనక్కర్లేదు.

ఇక 11 మందిని కలిపితే 11 మందికి కలిపే జవాబు వస్తుంది. ఒకరికి రేకుల షెడ్డును స్లాబ్ అని రాసి ఉంటారు, ఒకరికి ఆధార్ వేరే కుటుంబంతో కలిసి ఉంటుంది, ఇంకొకరికి నిజంగానే ఊళ్లో రెండో ఇల్లు ఉండొచ్చు. ఆ మూడోవాడి కారణం చూపించి అందరినీ కొట్టేస్తారు. ఒక్కో కుటుంబానికి ఒక్కో కాగితం పెట్టు.

ముందు ఒక్క కేసు తీసుకో. బలమైనది. ఎవరిది, ఇల్లు ఎలా ఉంది, గ్రామసభలో ఏం చదివారు, ఇప్పుడేం వస్తోంది, ఇవి ఇక్కడ రాయి. పేర్లు వద్దు.

మా పల్లె మా ఇష్టం – జనవరి 19, ఉదయం 8:15

అన్నా, మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. కొత్త రేషన్ కార్డులో మా చిన్నోడి పేరు ఎక్కలేదు. దానికి కూడా ఎంపీడీఓకే రాయాలా?

పాత టపా – జనవరి 19, ఉదయం 8:31

అది తహసీల్దారు ఆఫీసు, పౌర సరఫరాల పని. మీ సేవలో పెట్టుకోండి. దీనికోసం వేరే చర్చ మొదలుపెడితే మంచిది.

ఆరో వార్డు – జనవరి 19, మధ్యాహ్నం 1:20

సరే సార్. ఒక కేసు చెప్తా. ఒకామె, భర్త చనిపోయాడు, ఇద్దరు పిల్లలు, కూలి పని. మామ ఇచ్చిన జాగాలో వెనకవైపు రేకుల షెడ్డు వేసుకుని ఉంటోంది. అదే జాగాలో ముందువైపు బావగారిది స్లాబ్ ఇల్లు. ఇంటి నంబరు ఇద్దరికీ ఒక్కటే, చివర బై వన్ కూడా లేదు. రేషన్ కార్డు మాత్రం వేరు. గ్రామసభలో ఎల్-1 అని చదివారు, నేను అక్కడే ఉన్నా. ఇప్పుడు ఎల్-3.

పాత టపా – జనవరి 19, సాయంత్రం 4:10

ఇది ఇంటి నంబరు తెచ్చిన తంటాలాగే ఉంది. ఒకే నంబరు, ఒకే గేటు అయితే తిరిగి చూడ్డానికి వచ్చినవాడు ముందున్న స్లాబ్ ఇంటి ఎదుట నిలబడి ఫోటో తీసి ఉండొచ్చు. అయితే ఇది మన ఊహే. ఊహను ఉత్తరంలో రాయొద్దు. రాస్తే "అలా జరగలేదు" అని జవాబు వస్తుంది, అసలేం జరిగిందో మాత్రం రాదు.

గోదారి గట్టు గారి మాట సగం కరెక్టు. సమాచార హక్కు చట్టం దారి మంచిదే, 30 రోజుల గడువూ నిజమే. కానీ "ఎందుకు" అని అడిగితే అక్కడే దొరికిపోతాం. 2011లో సీబీఎస్ఈ, ఆదిత్య బందోపాధ్యాయ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: రికార్డులో ఉన్న సమాచారం ఇవ్వాలి గానీ, లేనిదాన్ని తయారుచేసి ఇవ్వాల్సిన పని సమాచార అధికారికి లేదని. అప్పటి నుంచి "ఎందుకు" అనే మాట కనిపిస్తే "మీరడిగినది సమాచారం నిర్వచనంలోకి రాదు" అని తిప్పి పంపడం అలవాటైపోయింది. నేనూ అలాంటి డ్రాఫ్టులు పెట్టాను, దాచడం ఎందుకు.

కాబట్టి రెండు కాగితాలు వేరువేరుగా పెట్టాలి. కారణం అడిగే ఉత్తరం ఎంపీడీఓకు. అదే సమాచార హక్కు చట్టంలో సెక్షన్ 4(1)(డి) అని ఒకటుంది, ఎవరూ వాడరు. ప్రభుత్వ కార్యాలయం తీసుకున్న నిర్ణయానికి కారణాలను ఆ నిర్ణయం వల్ల ప్రభావితమైన వ్యక్తికి చెప్పాలి అంటుంది. అది కార్యాలయం తనంతట తాను చేయాల్సిన పని, దానికి ఫారం లేదు, ఫీజు లేదు. ఆ సెక్షన్ పేరు చెప్పి కారణం అడుగు. రెండోది 6(1) కింద దరఖాస్తు. అందులో ఒక్క "ఎందుకు" కూడా ఉండకూడదు, అన్నీ నకళ్లే అడగాలి. సర్వే వివరాల ప్రింటు, ఫోటో, కేటగిరీ మారిన తేదీ ఉన్న కాగితం, ఆ విచారణ రిపోర్టు, గ్రామసభ తీర్మానం.

గోదారి గట్టు – జనవరి 19, సాయంత్రం 5:02

మరి వార్డు సభ్యుడికి సమాధానం చెప్పాలన్నది? అది చట్టంలో ఉంది కదా.

పాత టపా – జనవరి 19, సాయంత్రం 5:40

పంచాయతీ లోపల ఉంది. పంచాయతీ సమావేశంలో సభ్యుడు సర్పంచిని ప్రశ్న అడగొచ్చు, తీర్మానం పెట్టొచ్చు, ముందుగా చెప్పి పంచాయతీ రికార్డులు చూడొచ్చు. మండలాఫీసులో వార్డు సభ్యుడు కూడా అర్జీ పట్టుకొచ్చిన మనిషే, కొంచెం మర్యాదగా కుర్చీ వేస్తారు, అంతే.

ఇక్కడే అసలు చిక్కుంది. 4(1)(డి) చెప్పేది ప్రభావితమైన వ్యక్తి గురించి. ఆ వ్యక్తి ఆమె, నువ్వు కాదు. నువ్వొక్కడివే సంతకం పెడితే "ఇది మూడో వ్యక్తి వ్యక్తిగత సమాచారం" అని ఒక్క లైనుతో ముగించొచ్చు. అందుకే అర్జీ ఆమె పేరు మీద ఉండాలి, ఆమె సంతకమో వేలిముద్రో ఉండాలి. నువ్వు దాన్ని నీ ఉత్తరంతో జతచేసి పంపుతున్నట్టు రాయి.

సమాచార దరఖాస్తు కూడా ఆమె పేరు మీదే వెయ్యి. వార్డు సభ్యుడి హోదాలో, లెటర్‌హెడ్ మీద వేస్తే "పౌరులు మాత్రమే అడగాలి" అని కొర్రీ పెట్టేవాళ్లున్నారు. ఫీజు మండల స్థాయిలో 5 రూపాయలు. ఆమెకు ఆహార భద్రత కార్డు ఉంది కాబట్టి నకలు జతచేసి, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నందున ఫీజు మినహాయించమని రాయండి. కొర్రీ వేస్తారేమో అనిపిస్తే ఆ 5 రూపాయలు కట్టేయడమే సుఖం.

ఒంగోలు గిత్త – జనవరి 19, రాత్రి 8:25

మాది ఆంధ్రా. మా నాన్నకు వికలాంగుల పింఛను 6,000 వచ్చేది. పోయిన ఆగస్టులో మళ్లీ పరీక్ష అన్నారు, 40 శాతం కన్నా తక్కువ ఉందని నోటీసు చేతికిచ్చారు. ఏడుపొచ్చింది గానీ ఒక మేలు జరిగింది. నోటీసులో శాతం రాసుంది, అప్పీలు ఎవరికి చేసుకోవాలో రాసుంది. మేమూ ఎంపీడీఓ ఆఫీసులోనే అప్పీలు ఇచ్చాం, పాత సర్టిఫికెట్ పక్కన పెట్టి. అప్పటికి పింఛను ఆగలేదు. మీకు ఆ నోటీసు కూడా లేకుండానే పేరు తీశారంటే నాకు వింతగా ఉంది. ఎల్-3 అని ఫోన్లో చూసి తెలుసుకోవడమేంటి?

ఆరో వార్డు – జనవరి 19, రాత్రి 9:10

అదే అన్నా నా బాధ. అప్పీలు చేద్దామంటే దేని మీద చేయాలో తెలియదు.

హైదరాబాద్ ఇరానీ – జనవరి 19, రాత్రి 11:48

నిజం మాట్లాడుకుందాం. పేరు పోయింది రాజకీయంతో. "కమిటీలో మనోడు కాదు కాబట్టి తీసేశాం" అని ఏ ఆఫీసరైనా సంతకం పెట్టి ఇస్తాడా? ఏదో ఒకటి రాసిస్తారు. టైం వేస్ట్.

పాత టపా – జనవరి 20, ఉదయం 7:05

ఏదో ఒకటి రాసివ్వాలనే అడుగుతున్నాం. "పక్కా ఇల్లు ఉంది" అని రాశారనుకోండి, అది అబద్ధమైతే ఆ ఇల్లు చూపించమనొచ్చు. "పైనుంచి మారింది" అనే నోటిమాటను మాత్రం ఎక్కడికీ తీసుకుపోలేం. రాజకీయం లేదని నేననను.

తమ్ముడూ, ఆమె పేరు మీద అర్జీ ఇలా ఉంటే బావుంటుంది, చూడు:

> గౌరవనీయులైన మండల పరిషత్ అభివృద్ధి అధికారి గారికి,
>
> విషయం: ఇందిరమ్మ ఇళ్ల పథకం – నా దరఖాస్తును ఎల్-1 నుండి ఎల్-3 కు మార్చుటకు గల కారణములను లిఖితపూర్వకంగా తెలియజేయుట గురించి.
>
> సూచిక: 1. నా ప్రజాపాలన దరఖాస్తు నంబరు ____ . 2. తేదీ ____ న జరిగిన గ్రామసభ.
>
> అయ్యా,
> పై సూచిక 2 నందలి గ్రామసభలో నా పేరు ఎల్-1 జాబితాలో చదివినారు. తేదీ ____ న ఆన్‌లైన్‌లో చూడగా ఎల్-3 అని ఉన్నది. ఈ మార్పు గురించి నాకు ఎటువంటి నోటీసు అందలేదు.
>
> నేను ఇంటి నంబరు ____ ఆవరణలో వెనుకవైపు గల రేకుల షెడ్డులో నివసించుచున్నాను. ముందువైపు గల స్లాబ్ ఇల్లు మా బావగారిది. మా ఆహార భద్రత కార్డులు వేరు.
>
> కావున నన్ను ఏ నిబంధన కింద, ఏ వివరము ఆధారముగా, ఏ తేదీన, ఏ అధికారి విచారణ మీదట ఎల్-3 లో చేర్చినారో సమాచార హక్కు చట్టం, 2005 సెక్షన్ 4(1)(డి) ప్రకారం లిఖితపూర్వకంగా తెలియజేయగలరు. ఈ నిర్ణయం తమ కార్యాలయ పరిధిలో లేనిచో, ఏ కార్యాలయం తీసుకున్నదో తెలిపి, నా అర్జీని అక్కడికి పంపి, ఆ లేఖ నకలు నాకు ఇవ్వగలరు.
>
> జతపరచినవి: ఆహార భద్రత కార్డు నకలు, షెడ్డు ఫోటోలు 2, ఆన్‌లైన్ స్థితి ప్రింటు.

చివరి వాక్యం ముఖ్యం. "మా చేతిలో లేదు" అనే మాటకు అదే మందు. చేతిలో లేకపోతే ఎవరి చేతిలో ఉందో రాసివ్వాలి. సమాచార దరఖాస్తుకైతే ఇది చట్టంలోనే ఉంది, 6(3) కింద 5 రోజుల్లో సంబంధిత కార్యాలయానికి పంపాలి.

దీనిమీద నీ ఉత్తరం నాలుగు లైన్లు చాలు. "నా వార్డు నివాసి అర్జీని జతపరుస్తున్నాను. ఆమె నివాసాన్ని నేను స్వయంగా చూశాను. విచారణకు వచ్చినపుడు హాజరగుదును." ఆందోళన మాట తీసెయ్. ఆందోళన చేయాలనుకుంటే చెయ్, దాన్ని ఇందులో రాయొద్దు.

ఆరో వార్డు – జనవరి 20, మధ్యాహ్నం 2:15

సార్, బావగారి ఇల్లు స్లాబ్ అని మనమే రాస్తే వాళ్ల నోట్లో మాట పెట్టినట్టు కాదా?

పాత టపా – జనవరి 20, మధ్యాహ్నం 3:00

మంచి ప్రశ్న. దాస్తే మాత్రం రేపు విచారణకు వచ్చినవాడు చూస్తాడు, "ఆవరణలో స్లాబ్ ఇల్లు ఉన్న సంగతి అర్జీదారు దాచినది" అని రాస్తాడు. అప్పుడు ఆమె మాట దేనికీ చెల్లదు. అది ఎవరిదో ముందే చెప్పి, ఆ ఇంటి పన్ను రశీదు బావగారి పేరు మీద ఉంటే దాని నకలూ పెట్టండి.

అన్నట్టు ఇంటి నంబరు సంగతి పంచాయతీలోనే తేల్చుకో, అది నీ పరిధిలోదే. షెడ్డుకు వేరే నంబరు వేసి పన్ను లెక్కకట్టమని ఆమెతో కార్యదర్శికి అర్జీ పెట్టించు. అయితే దాన్ని పాత తేదీతో చేయించకు. కొత్త నంబరు కొత్త తేదీతోనే ఉండాలి.

గోదారి గట్టు – జనవరి 20, సాయంత్రం 6:44

సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఇస్తే ఫాస్ట్‌గా అవదా?

పాత టపా – జనవరి 20, సాయంత్రం 7:12

అక్కడిస్తే తిరిగి ఎంపీడీఓకే వస్తుంది, "తగు చర్యకై" అని. ముందు ఇక్కడ ఇచ్చి, ఇన్‌వర్డ్ నంబరు పుచ్చుకుని, నెలాగి ప్రజావాణికి పోతే ఆ నంబరు చూపించి జవాబు రాలేదనొచ్చు. రెండు కాపీలు పట్టుకుపో. టపా సెక్షన్లో ఒకటి ఇచ్చి, రెండో దాని మీద స్టాంపు, తేదీ, నంబరు వేయించుకో. "అయ్యగారు లేరు, రేపు రండి" అంటారు. టపా తీసుకోవడానికి అయ్యగారు ఉండక్కర్లేదు. అయినా తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు తీసుకో.

ఆరో వార్డు – జనవరి 23, సాయంత్రం 5:30

ఇచ్చాం. ఆమెను కూడా తీసుకుపోయా. ముందు "అర్జీ పెట్టెలో వేసి పోండి" అన్నారు, నంబరు కావాలని నిలబడ్డాం. సార్ చెప్పినట్టే "అయ్యగారు లేరు" వచ్చింది, నవ్వాగలేదు. చివరికి స్టాంపు పడింది. సమాచార దరఖాస్తు కూడా ఇచ్చాం, 5 రూపాయలు కట్టి.

ఒంగోలు గిత్త – ఫిబ్రవరి 9, రాత్రి 9:00

ఏమైనా వచ్చిందా అన్నా?

ఆరో వార్డు – ఫిబ్రవరి 20, రాత్రి 8:12

ఈరోజే చేతికొచ్చింది. రెండు కాగితాలు.

అర్జీకి ఎండార్స్‌మెంట్ ఇచ్చారు, మూడు లైన్లు. "సదరు దరఖాస్తుదారు తదుపరి విచారణలో ఆర్‌సీసీ పైకప్పు గల ఇంట్లో నివసించుచున్నట్లు నమోదైనందున ఎల్-3 కేటగిరీలో చేర్చబడినది." విచారణ ఎవరు చేశారో రాయలేదు, తేదీ లేదు.

సమాచార దరఖాస్తుకు సర్వే ప్రింటు, ఫోటో నకలు ఇచ్చారు. నలుపు తెలుపులో మసకగా ఉంది. అయినా బావగారి ఇంటి గేటు, దాని పక్కన తులసికోట స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఆమె ఫోటోలో లేదు. బావగారి భార్య నిలబడి ఉంది!

గ్రామసభ తీర్మానం నకలు మాత్రం "మా కార్యాలయంలో లభ్యం కాదు" అన్నారు.

హైదరాబాద్ ఇరానీ – ఫిబ్రవరి 20, రాత్రి 8:40

నేనన్నది తప్పు, ఒప్పుకుంటున్నా. కనీసం ఈ కేసులో.

పాత టపా – ఫిబ్రవరి 21, ఉదయం 6:30

ఇప్పుడు చేతికి పని దొరికింది. సోమవారమే ఇంకో అర్జీ పెట్టండి, ఈసారి కారణం అడగడానికి కాదు. "తమ ఎండార్స్‌మెంట్ నంబరు ఇంత, తేదీ ఇంత. అందులో పేర్కొన్న ఇల్లు నాది కాదు, ఫోటోలోని వ్యక్తి నేను కాదు. నా సమక్షంలో పునర్విచారణ జరిపి కేటగిరీ సరిచేయగలరు." ఎంపీడీఓకు ఒకటి, జిల్లా హౌసింగ్ ప్రాజెక్టు డైరెక్టరుకు నకలు. ఎండార్స్‌మెంట్ నంబరు మొదటి లైనులోనే ఉండాలి.

తీర్మానం కోసం మండలాఫీసు చుట్టూ తిరగకు. గ్రామసభ మినిట్స్ పుస్తకం పంచాయతీలోనే ఉంటుంది. సభ్యుడిగా చూసే హక్కు నీకుంది, చూసి పేజీ నంబరు రాసుకో. గ్రామ స్థాయిలో సమాచార దరఖాస్తుకు ఫీజు కూడా లేదు.

విచారణ అధికారి పేరు, తేదీ ఇవ్వలేదు కాబట్టి ఆ రెండింటికే మొదటి అప్పీలు వేయొచ్చు, జవాబు అందిన 30 రోజుల్లోపు. వేయాలా వద్దా అంటే నేనైతే పునర్విచారణ అర్జీకి రెండు వారాలు చూసి వేస్తాను. ముందే వేస్తే ఇంటికి రావాల్సినవాడు ముఖం మాడ్చుకుని వస్తాడు. గడువు మాత్రం క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకో.

గోదారి గట్టు – ఫిబ్రవరి 21, ఉదయం 9:18

నేను ఒప్పుకోను. అప్పీలు ఇప్పుడే వేయాలి. మెత్తగా ఉంటే మళ్లీ అదే మనిషిని పంపుతారు, మళ్లీ అదే గేటు ఫోటో.

ఆరో వార్డు – ఫిబ్రవరి 21, మధ్యాహ్నం 12:50

ఆమెను అడిగా. "మంచిగున్న మనిషిని ఎందుకు చెడ్డ చేసుకోవాలె, ముందు వచ్చి చూడనీ" అంటోంది. అర్జీ ఆమెది కాబట్టి ఆమె మాటే. సోమవారం పునర్విచారణ కాగితం ఇస్తున్నాం. మిగతా 10 మందిలో నలుగురివి విడివిడిగా రాసుకున్నా. ఒకాయనది మాత్రం ఆపేశా. ఇంటికి పోయి చూస్తే పక్క ఊళ్లో నిజంగానే స్లాబ్ ఇల్లుంది, నాకు చెప్పలేదు.

మా పల్లె మా ఇష్టం – ఫిబ్రవరి 21, మధ్యాహ్నం 1:05

అన్నా, మా చిన్నోడి పేరుకి కూడా ఇట్లనే ఎండార్స్‌మెంట్ అడగొచ్చా? మీ సేవలో పెట్టి నెలైంది.